మన సాయంత్రానికి రెండు పాటలు

అందరూ వచ్చేశారు కాబట్టి మొదలుపెడతాను. ఈ రెండూ పాడుకోవడానికి రాసినవే, కానీ ఇవాళ రాగం జోలికి వెళ్లను, చదువుతాను. పాటలోని మాట ఒంటరిగా నిలబడగలదో లేదో చదివినప్పుడే తెలుస్తుంది. మొదటిది ఊరు వదిలి వెళ్లిన స్నేహితురాలి మీద. పల్లవి వచ్చినప్పుడల్లా మీరూ గొంతు కలపండి.

చూరు

వాన వెలిసినా చూరు తడారదు
చుక్క చుక్కగా కథ చెబుతుంది
వీధి మలుపులో నువ్వు దాటినా
నీ అడుగింకా నడిచొస్తుంది

మెట్టు మీది ఆ సత్తు గిన్నెలో
బొట్టు పడితె ఒక పాట పుడుతుంది
నిండేకొద్దీ గొంతు మారుతూ
నిండితె మాటే మానేస్తుంది
॥వాన వెలిసినా॥

తడికి ఉబ్బి మన తలుపు బిగిసినా
గొళ్ళెం సందున గాలి దూరదా
అలిగి మూసినా ఈ నా గుండెకు
నీ పేరంతటి నెర్రె ఉండదా
॥వాన వెలిసినా॥

రేపు ఎండలో చూరు ఆరినా
రెల్లు మడతలో తేమ పోవునా
నవ్వి నలుగురిని పలకరించినా
నా లోపలి చినుకాగిపోవునా
॥వాన వెలిసినా॥

రెండోది ముత్యాల సరం నడక. 1910లో గురజాడ పట్టుకున్న నడక ఇది: మూడు మాత్రలు, నాలుగు మాత్రలు, మళ్లీ మూడు, నాలుగు. నాలుగో పాదం కాస్త పొట్టి. తకిట తకధిమి అని వేలితో తొడ మీద కొట్టుకుంటూ వినండి, ఎక్కడ ఊపిరి తీసుకోవాలో అదే చెబుతుంది. మనిషి పక్కన కూర్చుని మాట్లాడుతున్నట్టు ఉండే నడక ఇంతకంటే మరొకటి నాకు దొరకలేదు. స్నేహం గురించి రాయాలంటే నా చెయ్యి దీని వైపే పోతుంది. పుస్తకాల అంచుల్లో గీతలు గీసే అలవాటున్నవాళ్లు ఇక్కడ ఇద్దరున్నారు, ఈ పాట వాళ్లకి.

గీత

నువ్వు చదవగ ఇచ్చి మరిచిన
పుస్తకంలో పుటల అంచున
సన్న పెన్సిలు గీత ఒక్కటి
నన్ను ఆపిందోయ్

గీత పక్కన చిన్న ప్రశ్నే
నిజమొ కాదో అంటు రాశావ్
ఏళ్లు గడిచాయ్, జవాబింకా
ఇవ్వలేదోయ్ నేను

నువ్వు తడిసిన పద్య పాదం
నేను చదువుతు తడిసిపోతిని
ఇద్దరం ఒక గొడుగు లేకే
వాన దాటాంలే

రబ్బరుందీ చేతిలోనే
చెరపమంటే చెయ్యి రాదే
పక్క కొంచెం చోటు ఉంటే
నేను రాస్తున్నా

నిజమె నేస్తం, నువ్వు గీసిన
గీత కిందే నేను నిలిచా
పుస్తకం నీకంపుతున్నా
తిరిగి గీయాలోయ్