మన జీతాల శ్రేణులు, వాటిలో మీ స్థానం

గుంటూరు, 20 మార్చి 2025

కార్యాలయం, కోల్డ్ స్టోరేజీ, గ్రేడింగ్ షెడ్డుల్లో నెల జీతంపై పనిచేస్తున్న అందరికీ,

మన సంస్థలో ఏ పనికి ఎంత నుంచి ఎంత వరకు జీతం ఇస్తామో ఏప్రిల్ 1 నుంచి అందరికీ తెలుస్తుంది. ఆ హద్దుల్లో మీ జీతం ఎక్కడ ఉంది, ఎందుకు అక్కడ ఉంది అన్నది ఈ నెలాఖరులోగా లేఖ రూపంలో మీ చేతికి వస్తుంది. ఆ లేఖలోని లెక్క అర్థం కావడానికి ఈ వివరణ రాస్తున్నాను.

గత డిసెంబరులో జీతాల పట్టిక ముందు పెట్టుకుని కూర్చున్నప్పుడు, ఒకే బల్ల దగ్గర మిర్చి నాణ్యత చూసే ఇద్దరి పేర్లు పక్కపక్కనే కనిపించాయి. టిక్కీలోంచి కాయ తీసి తేమ, రంగు, తాలు చూసి రిజిస్టరులో రాయడం ఇద్దరి పనీ. ఇద్దరికీ ఆరేళ్ల అనుభవం. ఒకరికి 22,500 రూపాయలు, మరొకరికి 19,500. కారణం కోసం పాత ఫైళ్లన్నీ తిరగేస్తే తేలింది ఒక్కటే: చేరిన రోజు అతను అడిగాడు, ఆమె అడగలేదు. ఒకే పనికి ఆడ, మగ తేడా లేకుండా ఒకే వేతనం ఇవ్వాలని 1976 నాటి సమాన వేతన చట్టమే చెప్పింది. చట్టం లేకపోయినా ఇది తప్పే, ఆ తప్పు మాది. ఆమె జీతం జనవరి నుంచి సరిచేసి, వెనకటి ఏడాది తేడా 36,000 రూపాయలు కూడా చెల్లించాం. ఇద్దరి అనుమతితోనే ఈ సంగతి ఇక్కడ రాస్తున్నాను. నోరు తెరిచి అడగగలిగిన వాళ్లకే న్యాయం జరిగే పద్ధతి ఇక ఉండకూడదన్నదే ఈ మార్పుకు మూలం.

నెలకు మొత్తం జీతం లెక్కన శ్రేణులు ఇవి:

ఒకటో శ్రేణి: 15,000 నుంచి 20,000. సహాయకులు, కాపలాదారులు, ఆఫీసు అటెండర్లు.
రెండో శ్రేణి: 18,000 నుంచి 26,000. గేటు రిజిస్టరు, బిల్లింగ్ గుమాస్తాలు, నాణ్యత పరిశీలకులు.
మూడో శ్రేణి: 24,000 నుంచి 36,000. కంప్రెసర్ ఆపరేటర్లు, అకౌంటెంట్లు, సీనియర్ నాణ్యత పరిశీలకులు.
నాలుగో శ్రేణి: 34,000 నుంచి 54,000. షిఫ్టు ఇన్‌ఛార్జిలు, ఎగుమతి పత్రాలు చూసేవారు.
ఐదో శ్రేణి: 50,000 నుంచి 80,000. విభాగాల మేనేజర్లు.

హమాలీలకు, తొడిమలు తీసే మహిళలకు పనిని బట్టి కూలి లెక్క కడతాం కాబట్టి వారికి ఈ శ్రేణులు వర్తించవు. వారి రేట్లు షెడ్డు గోడ మీద విడిగా అతికిస్తాం.

శ్రేణి నిర్ణయించేటప్పుడు మనిషిని చూడలేదు, పనిని చూశాం. ఆ పనిలో సొంతంగా తీసుకోవలసిన నిర్ణయాలు ఎన్ని, పొరపాటు జరిగితే నష్టం ఎంత, చేతి కింద ఎంతమంది ఉంటారు, ఒంటికి ప్రమాదం ఉందా అన్నవి కొలమానాలు. డిగ్రీ చదివిన బిల్లింగ్ గుమాస్తా రెండో శ్రేణిలో, ఐటీఐ చదివిన కంప్రెసర్ ఆపరేటరు మూడో శ్రేణిలో ఉండటం కొందరికి నచ్చలేదని నాకు తెలుసు. బిల్లులో తప్పు దొర్లితే మర్నాడు దిద్దుకోవచ్చు. రాత్రి రెండు గంటలకు అమ్మోనియా వాసన వస్తే మాత్రం ఏ వాల్వు కట్టాలో, ఎవరిని బయటికి పంపాలో ఆపరేటరు ఒక్కడే క్షణాల్లో తేల్చుకోవాలి. లోపల రైతులు దాచుకున్న ఏడాది పంట ఉంటుంది. ఆ బాధ్యతకు మూడో శ్రేణి ఎక్కువ కాదని నా నమ్మకం.

ఇక మీ స్థానం. ప్రతి శ్రేణికీ మధ్య బిందువు ఉంటుంది. ఆ పనిని ఎవరి సాయం లేకుండా చక్కగా చేసుకుపోయే మనిషికి గుంటూరు, మంగళగిరి, విజయవాడల్లో ఇలాంటి సంస్థలు ఇస్తున్న జీతాన్ని వాకబు చేసి దాన్ని పెట్టాం. రెండో శ్రేణికి అది 22,000. పని నేర్చుకుంటున్నవారు 18,000 నుంచి 20,000 మధ్య ఉంటారు. మామూలు పని సొంతంగా చేస్తూ, చిక్కు వచ్చినప్పుడు పైవారిని అడిగేవారు 20,000 నుంచి 22,000 మధ్య. చిక్కులు కూడా తామే విప్పుకోగలవారు 22,000 పైన. కొత్తవారికి నేర్పుతూ, తోటివారు సందేహం వస్తే వెతుక్కుంటూ వచ్చే స్థాయివారు 24,000 పైన.

లేఖలో మీకు ఒక శాతం కనిపిస్తుంది. మీ జీతం 21,200 అనుకోండి. శ్రేణి అడుగు 18,000 కంటే 3,200 ఎక్కువ. శ్రేణి వెడల్పు 8,000. 3,200ని 8,000తో భాగిస్తే 40 శాతం. అంటే అడుగు నుంచి పైకప్పు వరకు ఉన్న దారిలో మీరు 40 శాతం నడిచారు. ఈ సంఖ్య మీ మార్కు కాదు, పనితీరుపై తీర్పు అంతకన్నా కాదు. నిరుడు చేరినవారికి 10 శాతం ఉండటం సహజం.

స్థానం తేల్చడానికి చూసేవి ఇదే పనిలో అనుభవం, పైన చెప్పిన నైపుణ్యం, గడిచిన రెండేళ్ల పనితీరు. పాత యజమాని ఇచ్చిన జీతం, చేరినప్పటి బేరం, ఎవరి సిఫారసు, ఎవరి బంధుత్వం అన్నవి లెక్కలోకి రావు. ఈ మాట మా భాగస్వాముల కుటుంబాల నుంచి వచ్చి పనిచేస్తున్నవారికీ వర్తిస్తుంది.

రెండో శ్రేణి పైభాగం, మూడో శ్రేణి అడుగు ఒకదానిపై ఒకటి ఉండటం గమనించే ఉంటారు. పదేళ్ల అనుభవమున్న నాణ్యత పరిశీలకురాలికి 25,500, కొత్తగా చేరిన ఆపరేటరుకు 24,500 రావచ్చు. అది పొరపాటు కాదు.

మధ్య బిందువుకు దిగువన ఉండి బాగా పనిచేసేవారికి పెంపు కాస్త పెద్దదిగా, పైన ఉన్నవారికి చిన్నదిగా ఉంటుంది. ముగ్గురి జీతం ఇప్పటికే పైకప్పు దాటింది. ఎవరి జీతమూ తగ్గించం. శ్రేణి పెరిగే వరకు వారి పెంపు ఆగుతుంది, మంచి పనికి ఆ ఏడాది విడిగా సొమ్ము ఇస్తాం. వారితో నేను ముందే కూర్చుని మాట్లాడాను. శ్రేణుల అంకెలను ఏటా జనవరిలో, సీజను ముమ్మరం కాకముందే, సరిచూస్తాం.

ఈ అంకెలన్నీ కోతలకు ముందువి. పీఎఫ్, ఈఎస్ఐ, వృత్తి పన్ను పోగా చేతికి వచ్చేది వేరు. ఒక్క సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. ఈఎస్ఐ పరిమితి నెలకు 21,000 రూపాయలు. ఓవర్‌టైమ్ ఆ పరిమితి లెక్కలోకి రాదు. ఏప్రిల్‌లో మీ జీతం 20,800 నుంచి 21,400 అయితే ఆ నెల నుంచి 0.75 శాతం కోత ఆగుతుంది. మార్చి వరకు కట్టినదానికి తగిన హాజరు ఉంటే డిసెంబరు నెలాఖరు దాకా ఈఎస్ఐ సాయం అందుతుంది. ఆ తర్వాత ఇంట్లో ఎవరికైనా జబ్బు చేస్తే 600 రూపాయల పెంపు ఏ మూలకూ రాదు. అందుకే పరిమితి దాటే ప్రతి ఒక్కరికీ జనవరి నుంచి సంస్థ ఖర్చుతో కుటుంబ ఆరోగ్య బీమా చేయిస్తాం. ఆసుపత్రి ఖర్చుకు భయపడి పెంపు వద్దనుకునే పరిస్థితి ఎవరికీ రాకూడదు.

ఎవరి జీతం ఎంతో పేరుతో సహా మేము బయటపెట్టం. మీ జీతం గురించి మీరు ఎవరితోనైనా మాట్లాడుకోవచ్చు. జీతం రహస్యంగా ఉంచాలని పాత నియామక పత్రాల్లో ఉన్న షరతును రద్దు చేశాం.

లేఖలోని స్థానం సరిగా లేదనిపిస్తే శనివారాల్లో సాయంత్రం నాలుగు నుంచి ఐదున్నర వరకు అకౌంట్స్ గదికి రండి. రాసి ఇవ్వలేనివారు నోటితో చెబితే చాలు, మేమే రాసుకుంటాం. 15 రోజుల్లో కారణాలతో రాతపూర్వక జవాబు వస్తుంది. తప్పు మాదని తేలితే తేడా ఏప్రిల్ 1 నుంచే లెక్కగట్టి చెల్లిస్తాం. రాత్రి షిఫ్టువారి కోసం మొదటి రెండు శనివారాలు ఉదయం ఏడు గంటలకు కంప్రెసర్ గది దగ్గరికి నేనే వస్తాను.

మేనేజరు, జీతాలు – సిబ్బంది వ్యవహారాలు