మా కుటుంబ పెట్టుబడి విధానం

హనుమకొండ, 2025 ఏప్రిల్ 6, శ్రీరామనవమి

2020 మార్చి 23న నిఫ్టీ 7,610 దగ్గర ముగిసింది. ఆ వారంలోనే నేను భయపడి, తొమ్మిదేళ్లుగా కూడబెట్టిన యూనిట్లలో సగానికిపైగా అమ్మేశాను. నవంబరులో సూచీ 12,400 దాటాక, అందరూ కొంటున్నారని తిరిగి కొన్నాను. ఆ రెండు నిర్ణయాలూ మళ్లీ జరగకూడదనే ఈ పత్రాన్ని నేనూ, నా భార్యా కూర్చుని మనసు నెమ్మదిగా ఉన్న రోజున రాసుకున్నాం.

ప్రస్తుతం మా పెట్టుబడి 48 లక్షల రూపాయలు. ఇందులో ఈక్విటీ ఇండెక్స్ ఫండ్లు 60 శాతం, పీపీఎఫ్, స్వల్పకాలిక డెట్ ఫండ్ కలిపి 30 శాతం, గోల్డ్ ఈటీఎఫ్ 10 శాతం ఉండాలి. ఆరు నెలల ఇంటి ఖర్చుకు ఉంచిన 3 లక్షల 60 వేలు ఈ లెక్కలోకి రావు.

కొనుగోలు: ప్రతి నెల 7వ తేదీన 35 వేల రూపాయల సిప్ దానంతట అదే వెళ్తుంది, మార్కెట్ ఎలా ఉన్నా దాన్ని ఆపం. ఈ పత్రంలో లేని ఏ కొత్త పథకంలోనైనా డబ్బు పెట్టాలనిపిస్తే, కారణాన్ని నోటుపుస్తకంలో రాసి 30 రోజులు ఆగాలి, ఆ తర్వాత ఇద్దరూ ఒప్పుకోవాలి. వాట్సాప్, టెలిగ్రామ్ గ్రూపుల్లో వచ్చిన సలహాలు కారణంగా చెల్లవు. అప్పు చేసి కొనడం, ఫ్యూచర్స్, ఆప్షన్స్ పూర్తిగా నిషిద్ధం. 2024 సెప్టెంబరులో వెలువడిన సెబీ అధ్యయనం ప్రకారం వాటిలో దిగిన వ్యక్తిగత ట్రేడర్లలో నూటికి 93 మంది నష్టపోయారు.

అమ్మకం: కింద చెప్పిన సర్దుబాటు కాక, మూడే కారణాలకు అమ్ముతాం. పాప చదువు వంటి అవసరం మూడేళ్లలోపు ఉండడం, అత్యవసర నిధికి మించిన వైద్య ఖర్చు రావడం, ఫండ్ తన సూచీనే మార్చుకోవడం లేదా దాని డైరెక్ట్ ప్లాన్ ఖర్చు 0.40 శాతం దాటడం. ధర పడిపోవడం, ఎన్నికల ఫలితం, బంధువుల లాభాల కబుర్లు అమ్మకానికి కారణాలు కావు.

సర్దుబాటు: ఏటా ఏప్రిల్ మొదటి ఆదివారం, అక్టోబరు మొదటి ఆదివారం మాత్రమే నిష్పత్తులు చూస్తాం. ఈక్విటీ 65 శాతం దాటితే మూడు నెలలపాటు సిప్ మొత్తాన్ని డెట్ ఫండ్‌కు మళ్లిస్తాం. అది చాలకపోతే ఏడాది దాటిన యూనిట్లను అమ్మి 60 శాతానికి తెస్తాం. ఏడాదికి 1.25 లక్షల దీర్ఘకాలిక లాభం వరకు పన్ను లేదు కనుక వీలైతే అమ్మకాన్ని మార్చి, ఏప్రిల్ నెలల మధ్య పంచుకుంటాం, కానీ 12.5 శాతం పన్నుకు వెరచి సర్దుబాటును ఎగ్గొట్టం. ఈక్విటీ 55 శాతం కన్నా తగ్గితే డెట్ ఫండ్ నుంచి మూడు నెలవారీ వాయిదాల్లో ఈక్విటీకి తరలిస్తాం. నాకు అన్నిటికన్నా కష్టమైన నియమం ఇదే. అందుకే ఆ లావాదేవీలను నా భార్య చేస్తుంది. గడువు తీరకుండా కోరుకున్నప్పుడల్లా తీయలేం కాబట్టి పీపీఎఫ్‌ను సర్దుబాటుకు ముట్టుకోం.

ఈ పత్రాన్ని ఏప్రిల్ సమీక్షలో మాత్రమే మార్చవచ్చు. అప్పటికి నిఫ్టీ తన గరిష్ఠం నుంచి 15 శాతానికి మించి పడి ఉంటే, ఆ ఏడాది ఒక్క అక్షరం కూడా మార్చకూడదు. రెండు ప్రతుల మీద ఇద్దరం సంతకాలు చేశాం. ఒకటి బీరువాలో, మరొకటి నా బల్ల మీద ఉంటాయి.