పాఠశాల యాజమాన్య కమిటీ ఆగస్టు నెల సమావేశం – మినిట్స్

మండల పరిషత్ ప్రాథమిక పాఠశాల, ఉదయగిరి ప్రాంతం, నెల్లూరు జిల్లా
తేదీ: 30-08-2025, శనివారం, సాయంత్రం 4.15 నుంచి 6.10 వరకు, నాలుగో తరగతి గదిలో
రాసింది: ప్రధానోపాధ్యాయురాలు (కమిటీ కన్వీనర్)

వచ్చినవాళ్లు: తల్లిదండ్రుల సభ్యులు 15 మందిలో 11 మంది వచ్చారు, అందులో 7 మంది తల్లులే. ఛైర్మన్ (అయిదో తరగతి తండ్రి) అధ్యక్షత వహించారు. వైస్ ఛైర్‌పర్సన్ (రెండో తరగతి తల్లి), వార్డు మెంబరు, అంగన్‌వాడీ టీచరు, మహిళా సంఘం లీడరు, మా ఇంకో టీచరు, నేను ఉన్నాం. ఏఎన్ఎం గారు జ్వరాల సర్వేలో ఉన్నానని ఫోన్ చేసి చెప్పారు. రాని నలుగురిలో ఇద్దరు కూలి పనికి పోయినవాళ్లు, వాళ్లకి ఈ మినిట్స్ వైస్ ఛైర్‌పర్సన్ ఇంటికి వెళ్లి చదివి వినిపిస్తారు.

పోయిన నెల పనులు

జూలైలో మూడు పనులు ఒప్పుకున్నాం. బాత్రూమ్ తలుపు గొళ్లెం వేయించడం అయింది, ఛైర్మన్ దగ్గరుండి చేయించారు. ప్రహరీ గోడ గండికి ముళ్లకంప అడ్డం పెట్టడం సగమే అయింది, కుక్కలు ఇంకా వస్తున్నాయి. తాగే నీళ్లు శుద్ధి చేసే ఆరో ప్లాంటుకి మెకానిక్‌ని పిలవడం అసలు కాలేదు. ఎందుకు కాలేదని చూస్తే, పోయినసారి "కమిటీ పిలిపించాలి" అని రాసుకున్నాం తప్ప ఎవరు పిలవాలో రాసుకోలేదు. అందుకని ఈ నెల నుంచి ప్రతి తీర్మానం కింద ఒక్క మనిషి, ఒక్క తేదీ ఉండాలని అందరూ ఒప్పుకున్నారు, కుదరకపోతే ఆ మనిషే ముందుగా గ్రూపులో చెప్పాలి.

తాగే నీళ్లు

ఎక్కువసేపు దీని మీదే మాట్లాడుకున్నాం. ఆరో ట్యాపు నుంచి నీళ్లు వేలంత ధార కూడా రావడం లేదు, ఒక గ్లాసు నిండేలోపు ఇంటర్వెల్ గంట మళ్లీ కొడుతోంది. రెండో తరగతి తల్లి చెప్పింది ఉన్నదున్నట్టు రాస్తున్నా: "ట్యాపు అంత సన్నంగా వస్తే బిడ్డలు ఎంతసేపని నిలబడతారు మేడమ్, బోరు కాడికే పోతుండారు." ఆమె చెప్పాక గుర్తుపెట్టుకుని చూస్తే పెద్ద పిల్లలు కొందరి ముందు పళ్ల మీద పసుపు గీతలు కనిపిస్తూనే ఉన్నాయి. మన మెట్ట ఊళ్లలో బోరు నీళ్లలో ఫ్లోరైడ్ సంగతి పెద్దవాళ్లందరికీ తెలిసిందే. ఒక తల్లి తాను కాచి పంపిస్తున్నానని చెప్పారు, కాచితే క్రిములు చస్తాయి గానీ ఫ్లోరైడ్ పోదు, నీళ్లు ఇగిరే కొద్దీ అది ఇంకా చిక్కబడుతుంది కూడా, ఈ మాట ఇంటింటికీ చేరాలి. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే ఆ నీళ్లు తాగడానికి పనికిరావు. మన బోరులో ఎంత ఉందో కాగితం మీద ఎవరి దగ్గరా లేదు.

తీర్మానం: సోమవారం నుంచి బోరు ట్యాపు చేతులు, పళ్లేలు కడుక్కోవడానికే. దాని మీద ఎర్ర పెయింటుతో "తాగరాదు" అని రాయించాలి. బాధ్యత: మా ఇంకో టీచరు, సెప్టెంబర్ 1.
తీర్మానం: ఆరో బాగయ్యేదాకా రోజూ 5 నీళ్ల క్యాన్లు తెప్పించాలి. క్యాను 10 రూపాయలు, సెలవులు తీసేస్తే సెప్టెంబర్ 20 వరకు 16 రోజులు, మొత్తం 800. బాధ్యత: వార్డు మెంబరు, తన ఆటోలో తెస్తానన్నారు, కిరాయి వద్దన్నారు.
తీర్మానం: మెకానిక్‌ని పిలిచి మెంబ్రేన్, ఫిల్టర్లు మార్పించాలి, ఫోన్‌లో చెప్పిన అంచనా 4,200. పాత మెంబ్రేన్ మనకి చూపించి, బిల్లు ఇచ్చాకే డబ్బు. బాధ్యత: ఛైర్మన్, సెప్టెంబర్ 8.
తీర్మానం: బోరు నీళ్లు, ఆరో నీళ్లు వేరువేరు సీసాల్లో గ్రామీణ నీటి సరఫరా శాఖ ల్యాబ్‌కి పంపి రిపోర్టు తేవాలి. ఆరో శాంపిల్ రిపేరు అయ్యాకే తీయాలి. బాధ్యత: నేను, శాంపిల్ ఇచ్చేది సెప్టెంబర్ 10.

మధ్యాహ్న భోజనం

సన్నబియ్యం వచ్చినప్పటి నుంచి అన్నం వదిలేసే పిల్లలు తగ్గారు, ఇది అందరూ ఒప్పుకున్న మాట. సాంబారు మాత్రం కొన్ని రోజులు మరీ నీళ్లగా ఉంటోందని ముగ్గురు తల్లులు అన్నారు. వంట చేసే అమ్మలిద్దరినీ పిలిచి అడిగాం. జూన్ బిల్లు ఇంకా రాలేదు, కూరగాయలు అంగట్లో అరువు తెస్తున్నాం, నెలకి మూడు వేల గౌరవ వేతనంతో ఇంకెంత పెట్టుకోగలం అన్నారు. వాళ్ల మాటలో న్యాయం ఉంది, అలాగని పిల్లల పళ్లెంలో పప్పు తగ్గకూడదు, రెండూ రాయాలని ఛైర్మన్ అన్నారు కాబట్టి రెండూ రాశాను.

తీర్మానం: రోజుకొక తల్లి వంతులవారీగా వచ్చి వడ్డించకముందే రుచి చూసి, రిజిస్టర్‌లో ఒక్క లైను రాసి సంతకం పెట్టాలి. రాయడం రానివాళ్లు చెబితే అయిదో తరగతి పిల్లలు రాస్తారు, ఆ తల్లులు వేలిముద్ర వేస్తారు. వంతుల లిస్టు బాధ్యత: వైస్ ఛైర్‌పర్సన్, సెప్టెంబర్ 2.
తీర్మానం: బిల్లు గురించి మండలానికి లిఖితపూర్వకంగా రాసి రసీదు తీసుకోవాలి. బాధ్యత: నేను, సెప్టెంబర్ 3.

బడికి రాని పిల్లలు

68 మందిలో నలుగురు పది రోజులకు పైగా రావడం లేదు. ఇద్దరి అమ్మానాన్నలు బేల్దారి పనికి బెంగళూరు పోయారు, పిల్లలు అవ్వ దగ్గరే ఉన్నారు, అవ్వకి మోకాళ్ల నొప్పి, పొద్దున్నే తయారుచేసి పంపేవాళ్లు లేరు. మిగతా ఇద్దరూ గొర్ల వెంట పోతున్నారు. పేర్లు ఇక్కడా, గ్రూపులోనూ రాయం, పేర్లు బయట పెడితే ఆ ఇంటివాళ్లు సిగ్గుపడి ఇంకా దూరమవుతారని అంగన్‌వాడీ టీచరు అన్నారు, నేనూ అదే అనుకుంటున్నా.

తీర్మానం: అవ్వ దగ్గరున్న ఇద్దరినీ రోజూ పొద్దున తన పిల్లలతో పాటు తీసుకొస్తానని మూడో తరగతి తల్లి ఒప్పుకున్నారు. సోమవారం నుంచే. మిగతా ఇద్దరి ఇళ్లకి మా ఇంకో టీచరు, మహిళా సంఘం లీడరు కలిసి వెళ్లాలి. బాధ్యత: మహిళా సంఘం లీడరు, సెప్టెంబర్ 6.

కురిసే గది, గోడ

మూడో తరగతి గది స్లాబు స్విచ్ బోర్డు పక్కనే కారుతోంది. వానలు గట్టిగా పట్టకముందే సిమెంటు పూత వేయించాలి, అంచనా 1,500. అప్పటిదాకా వాన రోజుల్లో ఆ గదికి కరెంటు ఆపేసి పిల్లల్ని వరండాలో కూర్చోబెడతాం. బాధ్యత: నాలుగో తరగతి తండ్రి (మేస్త్రీ పని చేస్తారు, కూలి తీసుకోనన్నారు), సెప్టెంబర్ 12. గోడకి కంప పూర్తి చేసేది వార్డు మెంబరు, సెప్టెంబర్ 5.

డబ్బులు

కమిటీ ఖాతాలో 14,320 ఉంది, పాస్‌బుక్ అందరికీ చూపించాను. పైన ఒప్పుకున్నవి 4,200, 800, 1,500, మొత్తం 6,500. మిగిలేది 7,820. ఇంటికి వంద చొప్పున వసూలు చేద్దామని ఒక సభ్యుడు అన్నారు. ఉచిత విద్య అని చట్టం చెబుతున్నప్పుడు వసూలు చేయకూడదని, లేనివాళ్లు మొహం చాటేస్తారని మిగతావాళ్లు కాదన్నారు. ఆ ప్రతిపాదన వీగిపోయింది, సభ్యుడి అభ్యంతరం నమోదు చేశాం. చెక్కుల మీద ఛైర్మన్, నేను ఇద్దరం సంతకం చేస్తాం, బిల్లులు నోటీసు బోర్డుకి అంటిస్తాం.

దసరా సెలవులు దగ్గరపడుతున్నాయి కాబట్టి వచ్చే సమావేశం సెప్టెంబర్ 20, శనివారం సాయంత్రం 4.15కి. మొదటి అంశం నీళ్ల ల్యాబ్ రిపోర్టు, అప్పటికి రాకపోతే ఎక్కడ ఆగిందో నేను చెప్పాలి.

మినిట్స్ అక్కడే చదివి వినిపించాను. క్యాన్ల లెక్కలో 15 రోజులని రాసింది వార్డు మెంబరు క్యాలెండర్ చూసి 16 అని సరిచేయించారు. తర్వాత హాజరైన 11 మంది సభ్యుల్లో తొమ్మిది మంది సంతకాలు, ఇద్దరు వేలిముద్రలు వేశారు.