విషయం: సెల్లార్ డిస్పాచ్‌లో నా సొంత ఫోన్‌కు ఆఫీసు వైఫై అనుమతి కోసం

ఐటీ విభాగం వారికి,
కాపీ: వేర్‌హౌస్ మేనేజర్ గారికి, క్వాలిటీ విభాగానికి

నమస్కారం.

నేను ఆటోనగర్ గోడౌన్ రెండో సెల్లార్‌లో డిస్పాచ్ చూస్తున్నాను. నా సొంత ఫోన్‌ను ఆఫీసు వైఫైకి కలుపుకోవడానికి అనుమతి కావాలి. సర్వర్, బిల్లింగ్, షేర్డ్ ఫోల్డర్లు ఇవేవీ ఫోన్‌లో నాకు అక్కర్లేదు, అవన్నీ టేబుల్ మీది కంప్యూటర్‌లో ఉన్నాయి. వైఫై కాలింగ్, దాని మీదుగా వచ్చే ఎస్సెమ్మెస్‌లు, కోల్డ్ రూమ్ అలారం యాప్, ఈ మూడూ నడిస్తే చాలు. మేనేజర్ గారు సరేనంటూ ఇచ్చిన మెయిల్ ఈ మెయిల్ కిందే ఉంది.

మీలో చాలామంది పై అంతస్తులోనే ఉంటారు కాబట్టి కింద పరిస్థితి కాస్త చెప్పాలి. ర్యాంప్ దిగి మొదటి సెల్లార్ దాటేసరికి సిగ్నల్ ఒక గీతకు పడిపోతుంది. రెండో సెల్లార్‌లో లిఫ్ట్ ఎదురుగా నిలబడితే అప్పుడప్పుడు ఒక మెసేజ్ వస్తుంది. కోల్డ్ రూమ్ పక్కకు వెళ్తే అదీ లేదు. పైన కాంక్రీటు, పక్కన రెండు వైపులా రేకు ఉన్న పఫ్ ప్యానెళ్లు, ఇక సిగ్నల్ ఎక్కడి నుంచి రావాలి? ఏ కంపెనీ సిమ్ వేసినా అంతే. అందరివీ చూశాం.

ఈ-వే బిల్లు ఓటీపీల సంగతి మీరు ముందే అడుగుతారని తెలుసు. 2025 ఏప్రిల్ నుంచి ఆ పోర్టల్‌లో లాగిన్ అయ్యే అందరికీ ఓటీపీ తప్పనిసరైంది. సబ్ యూజర్లకు వాళ్ల వాళ్ల నంబర్లకే వస్తుంది కనుక నా లాగిన్ ఓటీపీ నా ఫోన్‌కే రావాలి. మొదట్లో ర్యాంప్ ఎక్కి గేటు దగ్గర ఓటీపీ చూసుకుని, మళ్లీ దిగి టైపు చేసేసరికి గడువు అయిపోయేది. తర్వాత NIC-GST-Shield యాప్ వేసుకున్నాను. అది ఇంటర్నెట్ లేకపోయినా ఓటీపీ ఇస్తుంది, ఫోన్‌లో టైమ్ సరిగా ఉంటే చాలు. కాబట్టి కేవలం ఓటీపీ కోసమే అయితే ఈ మెయిల్ రాసేదాన్ని కాదు.

అసలు ఇబ్బంది డ్రైవర్ల ఫోన్లతో, కోల్డ్ రూమ్ అలారంతో.

బండి దారిలో ఆగిపోయి సరుకు ఇంకో బండికి మార్చారనుకోండి, కొత్త బండి నంబరు ఈ-వే బిల్లు పార్ట్-బిలో ఎక్కించాకే ఆ బండి కదలాలి. డ్రైవరు ఫోన్ చేసేది నాకు. నా ఫోనేమో స్విచాఫ్ అనో, కవరేజీలో లేదనో చెబుతుంది. అతను ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసుకు చేస్తే, వాళ్లు మన రిసెప్షన్‌కు చేస్తే, రిసెప్షన్ అమ్మాయి కింద ఎక్స్‌టెన్షన్‌కు చేస్తే, అప్పటికి నేను ప్యాకింగ్‌లో ఉంటే, ఇంకొకరెవరో ఎత్తి బండి నంబరు చీటీ మీద రాసిపెడతారు. ఆ చీటీలో సున్నాకూ ‘ఓ’కూ తేడా తెలియక మళ్లీ డ్రైవరుకే చేయాల్సి వచ్చిన సందర్భాలున్నాయి. అంతసేపూ మందులు ఎండలో రోడ్డు పక్కనే ఉంటాయి. ఈ-వే బిల్లుకు మామూలు సరుకైతే 200 కిలోమీటర్లకు ఒక రోజు చొప్పునే గడువు కనుక, శ్రీకాకుళం వైపు వెళ్లే బండి ఇలా ఆగితే ఆ గడువు మీదా కన్నేసి ఉంచాలి.

అలారం సంగతి ఇంకా ముఖ్యం. కోల్డ్ రూమ్‌లో ఇన్సులిన్, వ్యాక్సిన్లు 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. లాగర్ ఆ గీత దాటగానే ఎస్సెమ్మెస్, యాప్ నోటిఫికేషన్ రెండూ పంపుతుంది. పోయిన వారం ట్రాలీ లోపలికి తోసినప్పుడు తలుపు రబ్బరు అంచున ఒక అట్టపెట్టె మూల ఇరుక్కుంది. తలుపు పడినట్టే కనిపించింది గానీ పడలేదు. లాగర్ 8.4 చూపించింది. అలారం గుంటూరులో ఇంటి దగ్గరున్న మేనేజర్ గారికి వెళ్లింది, ఆయన సెక్యూరిటీకి ఫోన్ చేశారు, సెక్యూరిటీ అతను ర్యాంప్ మీదుగా పరుగెత్తుకుంటూ వచ్చి చెప్పాడు. నేను ఆ తలుపుకు పది అడుగుల దూరంలో లేబుళ్లు అంటిస్తున్నాను. ఫోన్ నా జేబులోనే ఉంది. సరుకు పాడవలేదు, క్వాలిటీ వాళ్లు చూసి సంతకం పెట్టారు. మే నెల, పైన 44 డిగ్రీలు. కరెంటు పోయి జనరేటర్ అందుకునే లోపు ఇలాంటిది జరిగితే మాత్రం సంతకంతో పోయేది కాదు.

గెస్ట్ వైఫై వాడుకోవచ్చు కదా అని హెల్ప్‌డెస్క్‌లో ఒకసారి అన్నారు. వాడి చూశాను. కొన్ని గంటలకోసారి లాగిన్ పేజీ అడుగుతుంది. అడిగినట్టు తెలియదు, కనెక్ట్ అయినట్టే కనిపిస్తుంది గానీ లోపల నెట్ ఉండదు. అలారం కోసం పెట్టుకున్న ఫోన్‌కు ఇంతకంటే ప్రమాదం లేదు. పైగా అందులో వైఫై కాలింగ్ గుర్తు రాదు, అదే ఫోన్‌లో అదే సిమ్‌కు ఇంట్లో వస్తుంది. వైఫై కాలింగ్ టెలికాం కంపెనీ గేట్‌వే దాకా ఐపీసెక్ సొరంగం వేసుకుంటుంది కాబట్టి బయటికి యూడీపీ 500, 4500 పోర్టులు తెరిచి ఉండాలి. గెస్ట్‌లో అవి మూసి ఉంటాయని నా అనుమానం. నా ఫోన్ పెట్టే నెట్‌వర్క్‌లో అవి తెరవాలి, ఒక్కసారి చూడండి. కాల్ అంతా ఆ సొరంగంలోనే వెళ్తుంది కనుక లోపలి నెట్‌వర్క్‌ను తాకాల్సిన పని దానికి లేదు.

దీన్ని ఎక్కడ పెట్టాలన్నది మీ ఇష్టం. నాకు తోచింది చెబుతాను: స్కానర్లు, కెమెరాలు ఉన్న నెట్‌వర్క్‌లో మాత్రం వద్దు. సొంత ఫోన్లకు వేరే వీల్యాన్ పెట్టి, బయటికి ఇంటర్నెట్ ఒక్కటే ఇచ్చి, లోపలి అడ్రస్‌లన్నీ మూసేయండి. రేపు నా ఫోన్‌లో ఏదైనా తేడా వచ్చినా అది నా వరకే ఆగుతుంది.

ఫోన్ వివరాలివి:

శామ్‌సంగ్ గెలాక్సీ A సిరీస్, ఆండ్రాయిడ్ 14, సెక్యూరిటీ అప్‌డేట్ గత నెలది. ఆరంకెల పిన్, వేలిముద్ర లాక్ ఉన్నాయి. యాప్‌లన్నీ ప్లే స్టోర్ నుంచి వేసినవే, రూట్ చేయలేదు. మ్యాక్ అడ్రస్ టైపు చేస్తే 8కీ Bకీ పొరపాటు పడొచ్చని About phone పేజీ స్క్రీన్‌షాట్ జతచేశాను. ఆండ్రాయిడ్ 10 నుంచి ఫోన్ ప్రతి వైఫైకీ ఒక దొంగ మ్యాక్ చూపిస్తుంది కనుక, మీరు మ్యాక్‌ను బట్టి అనుమతి ఇచ్చేట్టయితే మన వైఫై ఒక్కదానికి ఆ సెట్టింగ్‌ను Phone MAC గా మారుస్తాను. బయట ఎక్కడా మార్చను.

ఒక సంగతి మీకు తెలియాలి. ఇంటికెళ్లాక ఈ ఫోన్ మా పిల్లల చేతిలో కూడా ఉంటుంది. అందుకే నా కంప్యూటర్ లాగిన్ పాస్‌వర్డే వైఫైకీ వాడే పద్ధతి నాకు వద్దు. ఈ ఫోన్‌కంటూ వేరే సర్టిఫికెట్ గానీ, వేరే పాస్‌వర్డ్ గానీ ఇవ్వండి. ఫోన్ పోతే మీరు దాన్నొక్కదాన్నే రద్దు చేయొచ్చు, నా ఆఫీసు అకౌంట్ జోలికి వెళ్లక్కర్లేదు. సెట్టింగ్‌లో CA certificate, Domain దగ్గర ఏమివ్వాలో కూడా రాసి పంపండి. సర్టిఫికెట్ చూడకుండానే కలిపేసే ఎంపిక పెట్టుకోమని మాత్రం చెప్పకండి. అదే పేరుతో ఇంకెవరైనా వైఫై పెడితే ఫోన్ గుడ్డిగా పాస్‌వర్డ్ ఇచ్చేస్తుంది.

మీ వైపు నుంచి ఏదైనా యాప్ వేయాలంటే, వర్క్ ప్రొఫైల్ వరకు నాకు అభ్యంతరం లేదు. అలారం యాప్ అందులో ఉంటుంది, నేను ఉద్యోగం మానేసిన రోజు ఆ భాగం తుడిచేయండి. ఫోన్ మొత్తాన్ని దూరం నుంచి తుడిచేసే అధికారం ఇచ్చే యాప్‌కు మాత్రం ఒప్పుకోలేను. అందులో మా నాన్నగారి ఆసుపత్రి కాగితాలు, బ్యాంకు యాప్‌లు ఉన్నాయి. అలాంటి యాప్ తప్పనిసరి అని మన పాలసీలో ఉంటే నా అభ్యర్థన ఇక్కడితో వదిలేసి, డిస్పాచ్‌కు కంపెనీ ఫోన్ ఒకటి ఇప్పించండి. షిఫ్టు మారినప్పుడు చేతులు మార్చుకుంటాం, డ్రైవర్లకు ఆ నంబరే ఇస్తాం. నిజానికి అదీ మంచి దారే, కొనుగోలు అనుమతికి ఎన్నాళ్లు పడుతుందో మీకూ తెలుసు, నాకూ తెలుసు.

ఏ ఫోన్ ఎప్పుడు కలిసిందన్న లాగ్‌లు 180 రోజులు ఉంచాలని 2022లో సెర్ట్-ఇన్ ఇచ్చిన ఆదేశాల్లో ఉంది కదా, ఆ లాగ్‌లో నా ఫోన్ ఉండడం నాకు సమ్మతమే. ఏయే సైట్లు చూశామన్నది కూడా రాసుకుంటారా, ఎవరు చూస్తారు అన్నది ఒక్క వాక్యంలో చెబితే చాలు. పని వేళల్లో వీడియోలు చూడడానికి దీన్ని వాడనని మాటిస్తున్నాను. మీరు వేగానికి హద్దు పెట్టినా కాల్స్‌కు పెద్దగా ఏమీ అక్కర్లేదు.

ఇంకొకటి. మూడో కెమెరా పక్కనున్న యాక్సెస్ పాయింట్ ప్యాకింగ్ టేబుల్ దాకా బాగానే అందుతుంది, కోల్డ్ రూమ్ తలుపు దగ్గర ఒక గీతే. అనుమతి ఇచ్చేముందు మీలో ఒకరు దిగి వచ్చి ఆ తలుపు ముందు నిలబడి కాల్ చేసి చూస్తే బాగుంటుంది. అక్కడ అందకపోతే ఇదంతా చేసీ ఉపయోగం లేదు. ఇంట్లో ఉన్న పాత రౌటర్ తెచ్చి ఖాళీ ల్యాన్ పోర్టుకు పెట్టేద్దామని మావాళ్లలో ఒకరు అన్నారు కూడా. వద్దని చెప్పాను, ఆ పోర్టు వాడకంలో లేదు గనుక మీరు దాన్ని స్విచ్ దగ్గరే ఆపేస్తే ఇంకా నిశ్చింత.

ఎండలు తగ్గకముందే, వీలైతే ఈ నెలలోపు తేలిస్తే మేలు. ముందు నా ఒక్క ఫోన్‌తో రెండు వారాలు చూడండి. బాగుంటే రాత్రి షిఫ్టు ఇన్‌చార్జ్ గారు కూడా అడుగుతారు, ఆయన ఫారం ఆయనే పెడతారు.

మధ్యాహ్నం 1 నుంచి రాత్రి 9 వరకు డ్యూటీలో ఉంటాను. ఏదైనా అడగాలంటే సెల్లార్ ఎక్స్‌టెన్షన్ 214కు చేయండి, మొబైల్‌కు చేస్తే మోగదు.

ఇట్లు,
పద్మజ
డిస్పాచ్ ఇన్‌చార్జ్, రెండో సెల్లార్
ఆటోనగర్ గోడౌన్, విజయవాడ

జతచేసినవి: ఫోన్ వివరాల స్క్రీన్‌షాట్, పోయిన వారం లాగర్ గ్రాఫ్, సంతకం చేసిన సొంత పరికరాల ఫారం