గలగల బుడ్డలు

గుప్పిట్లో ఏముంది?
గలగల గలగల బుడ్డలు!
(పిడికిళ్లు చెవుల దగ్గర ఆడించాలి)

చెవులు రెండూ విన్నాయి,
కళ్లు రెండూ చూశాయి,
(చెవులు పట్టుకొని, కళ్లు టపటపలాడించాలి)
ముక్కు వాసన పట్టింది,
ఉమ్మ్! వేడి వేడి బుడ్డలు!
(ముక్కు మీద వేలు)

వేళ్లు టప్పున ఒలిచాయి,
(బొటనవేలు, చూపుడువేలు కలిపి నొక్కాలి)
పళ్లు కరకర నమిలాయి,
బొజ్జ గుండ్రంగయ్యింది!
(బొజ్జ నిమరాలి)

అయ్యయ్యో! పొట్టు తలమీద!
ఉఫ్! ఉఫ్! ఉఫ్!
(తల దులిపి, అరచేతిలోకి ఊదాలి. పిల్లలు మళ్లీ మళ్లీ ఊదుతారు, ఊదనివ్వండి)

కాళ్లు ధన్ ధన్ ఎగిరాయి,
చేతులు పైపైకి లేచాయి,
కొండారెడ్డి బురుజంత
ఎత్తయిపోయాం మేమంతా!
(మునివేళ్ల మీద నిలబడి చేతులెత్తాలి)