బోరు మోటార్ "కస్టమర్ డ్యామేజ్" అన్న మీ జవాబుకు నా సమాధానం

నార్పల మండలం,
అనంతపురం జిల్లా.
24 ఏప్రిల్ 2025

మోటార్ల షాపు యజమాని గారికి,
అనంతపురం.

నమస్కారం. 12 సెప్టెంబర్ 2024న మీ షాపులో బిల్లు నంబరు 1187 కింద నేను 7.5 హెచ్‌పీ త్రీ ఫేజ్ సబ్‌మెర్సిబుల్ పంపుసెట్టు, దానికి డిజిటల్ ప్యానెల్ బోర్డు కొన్నాను. పంపుసెట్టు 46,500 రూపాయలు, ప్యానెల్ 7,800, దించి బిగించినందుకు 3,500. మూడూ ఒకే బిల్లులో ఉన్నాయి. వారంటీ కార్డు మీద మీ షాపు ముద్ర, 12 నెలల గడువు ఉన్నాయి. మోటార్ 9 ఏప్రిల్ 2025న ఆగిపోయింది. అంటే ఏడో నెల కూడా పూర్తి కాలేదు.

ఏప్రిల్ 11న మీ జాబ్ కార్డులో "కస్టమర్ డ్యామేజ్, వారంటీ లేదు" అని రాశారు. కారణం రాసి ఇవ్వమని అడిగితే 19న మూడు కారణాలు పంపారు: వోల్టేజ్ హెచ్చుతగ్గులు, నీళ్లు లేకుండా డ్రై రన్, బయటి మెకానిక్ బిగించడం. 9,500 ఇస్తే రీవైండింగ్ చేసిస్తామని కూడా అన్నారు. ఈ మూడు కారణాలనూ నేను ఒప్పుకోవడం లేదు. ఎందుకో మోటార్ విప్పినప్పుడు కనబడిన వాటితోనే చెబుతాను.

ఏప్రిల్ 15న మీ షెడ్డులో మీ మెకానిక్ గారే మోటార్ విప్పారు. నేనూ, మా బావమరిదీ పక్కనే ఉన్నాం. మొదటి నుంచి చివరి దాకా వీడియో తీశాం, ఆయనకు చెప్పే తీశాం. కేబుల్ జాయింట్ కోసేసి, మోటార్ నుంచి నేరుగా వచ్చే మూడు తీగల దగ్గరే ఆయన రీడింగులు తీశారు. కాబట్టి జాయింట్‌లో నీళ్లు దిగాయన్న మాటకు తావు లేదు. మెగ్గర్ పెడితే వైండింగ్ బాడీకి తగిలినట్టు సున్నా చూపించింది. తీగల మధ్య రెసిస్టెన్స్ చూస్తే ఎరుపు–పసుపు మధ్య 2.9 ఓమ్స్, పసుపు–నీలం మధ్య 2.1, నీలం–ఎరుపు మధ్య 2.1 వచ్చింది. ఎరుపు, పసుపు ఫేజులు బాగానే ఉన్నాయనీ, నీలం ఫేజులో మాత్రం కొన్ని చుట్లు షార్ట్ అయ్యాయనీ ఆ అంకెలు చెబుతున్నాయి. మీ మెకానిక్ గారు కూడా వీడియోలో ఇదే మాట అన్నారు.

తర్వాత స్టేటర్ బయటికి తీశారు. నీలం ఫేజులో ఒకే ఒక్క కాయిల్, అదీ స్లాట్ నుంచి తీగ బయటికి వంగే చోట, రెండు అంగుళాల మేర కాలింది. రాగి కరిగి బుడిపెలు కట్టింది. మిగతా కాయిళ్ల మీద కవరింగ్ రంగు కూడా మారలేదు. కాలిన చోట స్లాట్ లైనర్ పేపర్ అంచు లోపలికి మడతపడి ఉంది. పక్క స్లాట్లన్నిటిలో పేపర్ పావు అంగుళం బయటికి వచ్చి తీగను కాపాడుతోంది. ఈ ఒక్క స్లాట్‌లో మాత్రం స్టాంపింగ్ ఇనుప అంచు తీగకు నేరుగా తగులుతోంది. మోటార్ ఆన్ అయిన ప్రతిసారీ వైండింగ్ కొద్దిగా అదురుతుంది. ఆ అదురుకు తీగ ఇనుప అంచు మీద రాసుకుని, కవరింగ్ చిరిగి, షార్ట్ అయింది. స్టేటర్‌లోకి నా చెయ్యి వెళ్లే దారి లేదు. ఆ పేపర్ ఫ్యాక్టరీలో వైండింగ్ చేసిన రోజే మడతపడింది. దీన్ని తయారీ లోపం అనకపోతే మరి దేన్ని అంటారు?

ఇక వోల్టేజ్ సంగతి. వోల్టేజ్ పెరిగినా తగ్గినా మూడు ఫేజులూ కలిసి వేడెక్కి, వైండింగ్ మొత్తం ఒకే తీరుగా నల్లబడుతుంది. ఒక ఫేజు పోయి మోటార్ రెండింటి మీద నడిస్తే, స్టార్ కనెక్షన్ కాబట్టి ఆ రెండు ఫేజుల కాయిళ్లూ కాలి, మూడోది మిగులుతుంది. ఇక్కడ ఈ రెండు గుర్తుల్లో ఏదీ లేదు. మీ బుక్‌లెట్‌లో 350 నుంచి 440 వోల్టుల మధ్య నడపవచ్చని ఉంది. మీరు అమ్మిన ప్యానెల్‌ను బిగించిన రోజే మీ ఫిట్టర్ ఆ హద్దులకే సెట్ చేశాడు. హద్దు దాటితే, ఫేజు పోతే అది మోటార్‌ను ఆపేయాలి. అది పనిచేస్తోందంటే మోటార్‌కు చెడు వోల్టేజ్ అందలేదు. పనిచేయలేదంటే ఆ ప్యానెల్ కూడా మీ బిల్లులోదే, దానికీ వారంటీ నడుస్తోంది. రెండింట్లో ఏది నిజమని మీరన్నా తప్పు నా మీదికి రాదు.

మా ట్రాన్స్‌ఫార్మర్ కింద నాది కాక ఇంకో మూడు మోటార్లు ఉన్నాయి. ఏప్రిల్ 9న ఆ మూడూ కరెంటు ఉన్నంతసేపూ నడిచాయి, ఇప్పటికీ నడుస్తున్నాయి. ఆ రైతులు ముగ్గురూ సంతకాలు పెట్టిన కాగితం దీంతో పంపుతున్నాను. రేపు పిడుగు అంటారేమో, దానికీ ఇప్పుడే చెబుతున్నాను. ఆ వారం మా వైపు ఉరుము కూడా లేదు. పిడుగు పోటు లైన్ మీద వచ్చి ఉంటే పైనున్న ప్యానెల్‌లోని ఎలక్ట్రానిక్ కార్డుకూ దెబ్బ తగలాలి. అది ఇప్పటికీ బాగానే పనిచేస్తోంది.

ఇంకో ముఖ్యమైన విషయం మీ జవాబులో అసలు లేదు. ఈ మోటార్ గురించి నేను చెప్పడం ఇది మొదటిసారి కాదు. 21 అక్టోబర్ 2024న, కొన్న రెండో నెలలోనే, క్లాంప్ మీటర్ ఫొటోలు మీకు వాట్సాప్‌లో పంపాను. ఎరుపు 13.4 ఆంప్స్, పసుపు 13.6, నీలం 15.6. ఫేజుల మధ్య తేడా 5 శాతం మించకూడదని మీ బుక్‌లెట్‌లోనే రాసి ఉంది. ఇక్కడ సగటు కంటే నీలం దాదాపు 10 శాతం ఎక్కువ. తేడా లైన్‌లో ఉందా, మోటార్‌లో ఉందా అని తేల్చడానికి మా ఊరి ఎలక్ట్రీషియన్ స్టార్టర్ దగ్గర మూడు తీగలనూ ఒక్కో స్థానం జరిపి మళ్లీ చూశాడు. లోపం లైన్‌దైతే ఎక్కువ ఆంప్స్ అదే లైన్ మీద నిలవాలి. కానీ అది నీలం తీగతో పాటే కదిలింది. అంటే తేడా మోటార్ లోపలే ఉంది. ఆ ఫొటోలూ మీకు పంపాను. "కొత్త మోటార్ కదా, నాలుగు రోజులు పోతే సర్దుకుంటుంది" అని మీరు వాయిస్ మెసేజ్ పెట్టారు. అది నా ఫోన్‌లో భద్రంగా ఉంది. ఆ రోజే మోటార్ పైకి తీయించి చూసి ఉంటే ఈ ఎండాకాలంలో నా తోటకు ఈ గతి పట్టేది కాదు.

డ్రై రన్ మాటకొస్తే, నీళ్లు లేకుండా తిరిగిన పంపు ఎలా ఉంటుందో నాకంటే మీకే బాగా తెలుసు. ఇంపెల్లర్లు మెత్తబడి అతుక్కుంటాయి, బుష్‌లు అరుగుతాయి, థ్రస్ట్ బేరింగ్ మీద గీతలు పడతాయి. ఏప్రిల్ 15న ఇవన్నీ బల్ల మీద పెట్టి చూశాం. ఇంపెల్లర్లు చేత్తో తిప్పితే తిరిగాయి. థ్రస్ట్ బేరింగ్ పలకలు నున్నగా ఉన్నాయి. మోటార్ 500 అడుగుల దగ్గర ఉంది. పైకి తీసేటప్పుడు 240 అడుగుల నుంచి కిందికి పైపులన్నీ తడిగానే వచ్చాయి. అంత నీళ్లున్న బోరులో డ్రై రన్ ఎక్కడి నుంచి వచ్చింది?

మూడో కారణం, బయటి మెకానిక్. దించింది మీ ఫిట్టర్, బిల్లులో 3,500 తీసుకుంది మీరు. ఏప్రిల్ 9 దాకా ఆ మోటార్‌ను ఎవరూ పైకి తీయలేదు. మా ఎలక్ట్రీషియన్ ముట్టుకున్నది స్టార్టర్ దగ్గరి తీగలనే. దీని మీద ఇంతకంటే చెప్పాల్సింది లేదు.

రీవైండింగ్‌కు నేను ఒప్పుకోను. డబ్బు ఒక్కటే కారణం కాదు. స్టేటర్‌లోని తీగ పీకేస్తే ఆ మడతపడిన పేపర్ కూడా పోతుంది, లోపానికున్న సాక్ష్యం చెరిగిపోతుంది. అందుకే స్టేటర్‌ను ఉన్నది ఉన్నట్టు గోనెసంచిలో కట్టి, సీల్ మీద మీ మెకానిక్ గారి సంతకం, నా సంతకం పెట్టించి ఇంటికి తెచ్చుకున్నాను. కంపెనీ ఇంజినీరు వస్తే నా ముందర సీల్ విప్పి చూడవచ్చు. విడిగా తీసుకుపోతామంటే ఇవ్వను.

"కంపెనీతో మాట్లాడుకోండి" అని మీరు ఫోన్‌లో అన్నారు. కంపెనీతో మాట్లాడటం మీ పని. డబ్బు తీసుకుని బిల్లు ఇచ్చింది, వారంటీ కార్డు మీద ముద్ర వేసింది మీరు. వినియోగదారుల రక్షణ చట్టం 2019 సెక్షన్ 2(10) ప్రకారం, చట్టం ప్రకారమో ఒప్పందం ప్రకారమో ఉండాల్సిన నాణ్యత వస్తువులో లేకపోతే అది లోపమే. వ్యవసాయానికి కొన్నారు కాబట్టి మీరు వినియోగదారుడు కాదని ఎవరైనా అంటే, సొంత కష్టంతో బతుకుతెరువు కోసం కొన్నవాళ్లు వినియోగదారులేనని సెక్షన్ 2(7) కింది వివరణ చెబుతోంది. నేను మూడు ఎకరాల చీనీ తోట మీదే బతుకుతున్నాను. లోపం పరీక్షిస్తేగానీ తేలదంటే, సెక్షన్ 38 కింద జిల్లా కమిషన్ దాన్ని సీల్ వేసి ల్యాబ్‌కు పంపగలదు. నేను ఉండే జిల్లాలోనే ఫిర్యాదు వేయవచ్చు. వస్తువు ధర ఐదు లక్షల లోపు కాబట్టి ఫీజు లేదు. గడువు రెండేళ్లు ఉంది. మిమ్మల్ని భయపెట్టడానికి ఇవి రాయడం లేదు. "కస్టమర్ డ్యామేజ్" అని ఒక మాట రాస్తే రైతు నోరు మూసుకుని పోతాడని అనుకోవద్దని రాస్తున్నాను.

తోట సంగతి కూడా మీకు తెలియాలి. చెట్ల మీద ఇప్పుడు గోళీకాయంత పిందెలున్నాయి. ఈ ఎండల్లో డ్రిప్ ఆగితే పిందె రాలిపోతుంది, రాలింది మళ్లీ రాదు. ట్యాంకర్లతో పోయిస్తున్నాను, అది చెట్లు చావకుండా ఉండటానికే సరిపోతోంది. నిన్నటి దాకా ట్యాంకర్లకు 14,400 అయింది, రసీదులు ఉన్నాయి. మోటార్ పైకి తీయించినందుకు 3,500 నేనే ఇచ్చాను.

కాబట్టి నేను అడుగుతున్నది ఇది. అదే మోడల్ కొత్త మోటార్, కొత్త వారంటీ కార్డుతో ఇవ్వండి. అది కుదరకపోతే పంపుసెట్టు ధర 46,500 వాపసు ఇవ్వండి. పైకి తీసిన ఖర్చు 3,500, మళ్లీ దించే ఖర్చు, ట్యాంకర్ల 14,400 కూడా మీరే భరించాలి. తోట నీళ్ల కోసం ఎదురుచూస్తోంది కాబట్టి ముందు మోటార్ ఇప్పించండి, మిగతా లెక్క తర్వాత కూర్చుని తేల్చుకుందాం. అందుకు నాకు అభ్యంతరం లేదు.

మే 5 సోమవారం లోపు మీ జవాబు రాతపూర్వకంగా కావాలి. మళ్లీ కాదంటే, ఎవరు పరీక్షించారు, ఏ గుర్తు చూసి కస్టమర్ డ్యామేజ్ అన్నారు, ఆ మడతపడిన పేపర్ గురించి మీరేమంటారు అన్న మూడింటికీ పరీక్షించినవాళ్ల సంతకంతో జవాబు ఇవ్వండి. ఆ తేదీ లోపు ఏదీ రాకపోతే 6న నేషనల్ కన్స్యూమర్ హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయిస్తాను, తర్వాత అనంతపురం జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాను.

మీ నాన్నగారు కౌంటర్లో కూర్చున్న రోజుల నుంచీ మా ఊరి రైతులు మోటార్లకు మీ దగ్గరికే వస్తున్నారు. ఆ నమ్మకంతోనే నేనూ వచ్చాను, ఈ పేచీ కూడా మీతోనే తేల్చుకోవాలని ఉంది.

బిల్లు, వారంటీ కార్డు, జాబ్ కార్డు, మీ 19వ తేదీ జవాబుల జిరాక్సులు, అక్టోబర్ వాట్సాప్ ఫొటోల ప్రింట్లు, రైతుల సంతకాల కాగితం, రసీదుల జిరాక్సులు జతచేశాను. వీడియో పెన్‌డ్రైవ్‌లో ఉంది. అసలు కాగితాలు నా దగ్గరే ఉంటాయి. ఈ ఉత్తరం రిజిస్టర్డ్ పోస్టులో పంపుతున్నాను, ఒక కాపీ కంపెనీ కస్టమర్ కేర్‌కూ పంపాను.

ఇట్లు,
ఓబులేసు,
చీనీ రైతు