సగం రొట్టె: రెండు నిమిషాల యానిమేషన్ చిత్రానికి మూడు అంకాల రూపురేఖ

ఒక్క వాక్యంలో కథ: కువైట్‌లో ఉన్న అమ్మ తిరిగి రావాలని నెల్లూరు రొట్టెల పండగకు వచ్చిన పాప, దొరికిన రొట్టెను ఆకలితో ఉన్న పిల్లవాడికి ఇస్తుంది.

మొదటి అంకం (0–25 సెకన్లు): స్వర్ణాల చెరువు, బారాషహీద్ దర్గా. అవ్వ వేలు పట్టుకుని పాప నీళ్లలోకి దిగుతుంది. చేతిలో అమ్మ ఫొటో.

రెండో అంకం (25–90): చిత్రానికి ప్రాణం ఇక్కడే. కెమెరా పాప కంటి ఎత్తు దాటకూడదు: తడిసిన చీర అంచులు, చేతులు, తలపై నుంచి చేతులు మారిపోయే రొట్టెలు. కోరిక తీరినవారు ఇస్తున్నారు, కోరేవారు అందుకుంటున్నారు. పాప చేయి మాత్రం ఎవరికీ కనబడదు. చివరికి ఒకామె వంగి రొట్టె ఇస్తుంది. గట్టు మీద బుడగలమ్మే పిల్లవాడు ఆ రొట్టెనే చూస్తుంటాడు. పాప ఫొటో చూసుకుంటుంది. ఈ తటపటాయింపుకు పది సెకన్లు తప్పనిసరి.

మూడో అంకం (90–120): రొట్టె ఇచ్చేస్తుంది. వాడు సగం తుంచి తిరిగి ఆమెకే అందిస్తాడు. ఇప్పుడు కోరేది పాప, ఇచ్చేది వాడు. పాప కళ్లు మూసుకుని కొరుకుతుంది.

మాటలు వద్దు. అమ్మ వచ్చినట్టు చూపవద్దు.